వ్యాసాలకు మార్కులు వేసే రూబ్రిక్ పట్టిక: తెలుగు టీచర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రకాశం జిల్లాలో హైస్కూలు తెలుగు చెప్పే మాలాంటివాళ్లు కాంప్లెక్స్ మీటింగుల్లో కలిసినప్పుడు రూబ్రిక్ గురించి అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులన్నీ ఒకే వ్యాసం చుట్టూ తిరుగుతాయి. తొమ్మిదో తరగతికి ఇచ్చిన ఆ ప్రశ్న ఇది: "మీ ఊరి తాగునీటి కష్టం ఏమిటి? దానికి కారణం, మీరు సూచించే పరిష్కారం రాయండి." కనిగిరి వైపు పిల్లలకు ఈ ప్రశ్న ఇస్తే రాయడానికి సరుకు లేదనే మాట రాదు.

ఒకే పేపరుకు ఇద్దరు టీచర్లు వేర్వేరు మార్కులు ఎందుకు వేస్తారు?

ఒకరు మెత్తన, ఒకరు గట్టి అని మనం సర్దుకుంటాం గానీ, అసలు కారణం అది కాదు. ఇద్దరూ ఒకే కాగితంలో వేర్వేరు వస్తువులను చూస్తారు. 1961లో అమెరికాలో ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ తరఫున పాల్ డీడెరిక్, ఆయన సహచరులు దీన్ని పరీక్షించి చూశారు. కాలేజీ మొదటి ఏడాది విద్యార్థుల వ్యాసాలు 300 తీసుకుని 53 మందితో దిద్దించారు. వాళ్లలో ఇంగ్లీషు టీచర్లు, ఇతర సబ్జెక్టుల వాళ్లు, రచయితలు, సంపాదకులు, లాయర్లు, వ్యాపార సంస్థల అధికారులు ఉన్నారు. ఎలా దిద్దాలో ఏమీ చెప్పలేదు, తొమ్మిది గ్రేడుల్లో పెట్టమన్నారంతే. నూటికి 94 వ్యాసాలకు కనీసం ఏడు రకాల గ్రేడులు వచ్చాయి. ఐదు రకాల కన్నా తక్కువ గ్రేడులు వచ్చిన వ్యాసం ఒక్కటీ లేదు.

ఆ తర్వాత దిద్దినవాళ్ల అభిరుచులను విడదీసి చూస్తే, కొందరు ఆలోచనకు, కొందరు అమరికకు, కొందరు తప్పులకు, కొందరు మాటల ఎంపికకు, కొందరు రాసినవాడి సొంత గొంతుకు విలువ ఇచ్చారని తేలింది. రూబ్రిక్ పట్టికలో వరుసలు విడివిడిగా ఉండేది ఇందుకే. "ఈ పేపరుకు ఎంత?" అనే ఒక్క ప్రశ్నను నాలుగు చిన్న ప్రశ్నలుగా చేస్తే, ఇద్దరు టీచర్లు కనీసం ఒకే సమయంలో ఒకే వస్తువును చూస్తారు.

పట్టిక ఎలా ఉంటుంది? ఒకటి చూపిస్తారా?

పై ప్రశ్నకు సరిపోయే పట్టిక ఇది. నాలుగు అంశాలు, నాలుగు స్థాయిలు.

| అంశం | 4 | 3 | 2 | 1 |
|---|---|---|---|---|
| విషయం (రెండింతలు) | ఊరి వివరాలు మూడు లేదా ఎక్కువ, కారణం ఉంది, పరిష్కారం ఆ కారణానికి సరిపోతుంది | ఊరి వివరాలు కనీసం రెండు, కారణం ఉంది, పరిష్కారం పైపైన | ఊరి వివరం ఒకటి, మిగతావి ఏ ఊరికైనా సరిపోయే మాటలు | ఊరి వివరం ఒక్కటీ లేదు |
| అమరిక | ఒక పేరాలో ఒకే సంగతి. ముందుది తర్వాతదానికి దారి తీస్తుంది | పేరాలు ఉన్నాయి. ఒకటి రెండు వాక్యాలు చోటు తప్పాయి | సంగతులు కలిసిపోయాయి. వెనక్కి వెళ్లి కలుపుకుని చదవాలి | వాక్యాల మధ్య సంబంధం దొరకదు |
| వాక్యం | వాక్యాలు పూర్తి, కారణాన్ని, ఫలితాన్ని కలిపే వాక్యాలూ ఉన్నాయి | వాక్యాలు పూర్తి, ఎక్కువగా చిన్నవి, అర్థం స్పష్టం | కొన్ని తెగిపోయాయి, కర్తకు క్రియ కుదరలేదు | అర్థం ఊహించుకోవాలి |
| రాత తప్పులు | పుటకు రెండు రకాలు మించవు | మూడు, నాలుగు రకాలు | ఐదు లేదా ఎక్కువ. అయినా చదవగలం | మాటను గుర్తుపట్టలేం |

విషయానికి వచ్చిన అంకెను రెండుతో గుణించి మిగతా మూడింటికి కలుపుతాం. అంటే మొత్తం 20. తెల్ల కాగితానికీ, వేరే ప్రశ్నకు రాసిన జవాబుకూ విషయం గడిలో సున్నా పెట్టి మొత్తం సున్నా చేస్తాం. ఈ సున్నా నియమం ముందే రాసుకోకపోతే చిక్కు వస్తుంది. అన్నిటికీ 1 వచ్చినా మొత్తం 5 అవుతుంది కాబట్టి, సంబంధం లేని రెండు వాక్యాలు రాసిన పేపరుకు కూడా 20కి 5 పడిపోతుంది.

నాలుగు స్థాయిలే ఎందుకు? మూడో, ఐదో పెట్టకూడదా?

పెట్టొచ్చు. కాకపోతే బేసి సంఖ్య పెడితే మధ్య గడి ఒకటి ఉంటుంది, సాయంత్రం ముప్పయ్యో పేపరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే అక్కడికి పోతుంది. నాలుగుంటే "ఇది పైసగమా, కిందిసగమా" అని తేల్చుకోక తప్పదు. ఆరు స్థాయిలు పెడితే 4కూ 5కూ తేడా మాటల్లో చెప్పలేక గడులు నింపడం దగ్గరే ఆగిపోతాం.

గడుల్లో "చాలా బాగుంది, బాగుంది, పర్వాలేదు, బాగాలేదు" అని రాస్తే సరిపోదా?

సరిపోదు. ఎక్కువ పట్టికలు పనికిరాకుండా పోయేది ఇక్కడే. "భావవ్యక్తీకరణ చాలా బాగుంది" అనే గడి, దిద్దే మనిషి మనసులో ముందే పడిన ముద్రను తిరిగి రాసుకోవడానికి పనికొస్తుంది, అంతే. పక్కింటి టీచరుకు "చాలా" ఎంతో, "బాగా" ఎంతో మీకు తెలియదు.

గడిలో రాసింది కాగితం మీద వేలు పెట్టి చూపించగలిగేదై ఉండాలి. "ఊరి వివరాలు కనీసం రెండు" అంటే చూపించొచ్చు: ఇదిగో ట్యాంకరు, ఇదిగో బోరు. "వెనక్కి వెళ్లి కలుపుకుని చదవాలి" అన్నదీ చూపించొచ్చు, ఎక్కడ వెనక్కి వెళ్లామో గీత గీస్తే చాలు. చూపించలేని మాట గడిలో ఉంటే దాన్ని కొట్టేయడమే మంచిది.

ఈ మాటలు కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే రావు. పాత పేపర్లు ఓ ఇరవై తీసుకుని మార్కులు వేయకుండా నాలుగు కుప్పలుగా పెట్టండి. తర్వాత పక్కపక్క కుప్పల నుంచి ఒక్కో పేపరు చేతిలోకి తీసుకుని "ఇది ఆ కుప్పలోకి ఎందుకు పోలేదు?" అని మిమ్మల్ని మీరే అడగండి. నోట్లోంచి వచ్చే జవాబే గడిలో రాయాల్సిన మాట. మొదట 4, 1 గడులు నింపి మధ్యవాటిని ఊహతో సాగదీసే అలవాటు చాలామందికి ఉంది. అలా చేస్తే 2కూ 3కూ మధ్య గోడ నిలబడదు. క్లాసులో సగానికి పైగా పిల్లలు ఉండేది ఆ గోడకు అటూఇటూనే.

ఒక పేపరు దిద్ది చూపిస్తారా?

మచ్చుకు ఒక పేపరు అనుకుందాం. తప్పులు అలాగే ఉంచాను, అంతా ఒకే పేరా:

"మా ఊళ్లో నీల్లకు చాలా ఇబ్బంది. బోరు నీళ్లు తాగితే పల్లు పచగా అవుతాయి. మా తాతకు కాళ్లు వంగిపోయినాయి. ఫ్లోరైడ్ వల్ల అని డాక్టరు చెప్పాడు. నీరు ప్రాణాధారం. నీరు లేనిదే జీవం లేదు. ట్యాంకరు మూడు రోజులకి ఒకసారి వస్తా ఉండాది. అమ్మ బిందెలు పెట్టి క్యూలో నిలబడుద్ది. మా అక్క ఆ రోజు బడికి రాదు. డబ్బులుండేవాళ్లు ఇరవై లీటర్ల క్యాన్ కొనుక్కుంటారు. అందరం నీటిని పొదుపుగా వాడాలి. ప్రబుత్వం చర్యలు తీసుకోవాలి."

విషయం: బోరు నీళ్లు, తాత కాళ్లు, ట్యాంకరు, అక్క బడి, క్యాన్. వివరాలు మూడుకు మించే ఉన్నాయి. కారణం ఫ్లోరైడ్ అని చెప్పింది. కానీ పరిష్కారం చూడండి. నీటిని పొదుపుగా వాడితే ఫ్లోరైడ్ తగ్గదు. ట్యాంకరు నీళ్లు పొదుపు చేయమంటే కొంత అర్థముంది, అయినా తాను చెప్పిన కారణానికి అది జవాబు కాదు. "ప్రభుత్వం చర్యలు" అన్నది ఏ వ్యాసం చివరైనా పడే మాట. 4 గడిలోని "ఆ కారణానికి సరిపోతుంది" అన్న షరతు తీరలేదు. 3.

అమరిక: ఫ్లోరైడ్ నుంచి ప్రాణాధారానికి, అక్కడి నుంచి ట్యాంకరుకు దూకింది. మధ్యలోని రెండు వాక్యాలు తీసేసినా ఏమీ పోదు. నీళ్లు చెడ్డవి అనేది ఒక సంగతి, నీళ్లు చాలవు అనేది ఇంకో సంగతి, రెండూ ఒకే పేరాలో కలిసిపోయాయి. 2.

వాక్యం: అన్నీ పూర్తి వాక్యాలే, అన్నీ చిన్నవే. "అమ్మ క్యూలో ఉంటుంది కాబట్టి అక్క బడికి రాదు" అని కలిపి ఉంటే పైకి వెళ్లేది. 3.

రాత తప్పులు: "నీల్లకు", "పల్లు" రెండూ ళ బదులు ల రాసిన తప్పే, కాబట్టి ఒక రకం. "పచగా"లో ఒత్తు పోయింది, రెండో రకం. "ప్రబుత్వం"లో భ బదులు బ, మూడో రకం. 3.

మొత్తం: మూడు రెళ్లు ఆరు, దానికి 2, 3, 3 కలిపితే 20కి 14.

తప్పులను రకాలుగా లెక్కపెట్టడం ఎందుకు? సంఖ్య లెక్కపెడితే సులువు కదా?

సులువే, కానీ ఎక్కువ రాసిన పిల్లలే దెబ్బతింటారు. ళ-ల తేడా తెలియని పిల్లాడు "నీల్లు" అని పదిసార్లు రాస్తే అతనికి తెలియనిది ఒక్కటే, పది కాదు. పైగా రకాలు రాసిపెట్టుకుంటే రేపు క్లాసులో ఏం చెప్పాలో అక్కడే ఉంటుంది.

"వస్తా ఉండాది", "నిలబడుద్ది" లాంటి మన వైపు మాటలకు మార్కులు తగ్గించాలా?

అన్నిటికన్నా ఎక్కువ వాదన నడిచేది దీని మీదే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: వీటిని రాత తప్పుల్లో లెక్కపెట్టకూడదు. "పచగా" రాసిన పిల్లకు ఆ మాట ఎలా రాయాలో తెలియదు. "ఉండాది" రాసిన పిల్లకు తెలుసు, తాను పలికినట్టు సరిగ్గానే రాసింది. రెండూ ఒకే గడిలో వేస్తే ఇంట్లో మాట్లాడే తెలుగే తప్పని చెప్పినట్టవుతుంది.

అలాగని పూర్తిగా వదిలేయమనీ అనను. ఎవరైనా అన్న మాటను అన్నట్టే రాస్తే యాసకు పూర్తి స్వేచ్ఛ. "మా నాయనమ్మ ఏంది ఈ నీళ్లు అనింది" అన్న వాక్యంలో దిద్దాల్సిందేమీ లేదు, అది ఊరి వివరం కిందే లెక్క. కథనంలో మాత్రం కింద సన్నగా గీత గీసి పక్కన "వస్తూ ఉంది", "నిలబడుతుంది" అని రాస్తే చాలు. తొమ్మిదిలో మార్కు తగ్గించవద్దు. పదో తరగతిలో పబ్లిక్ పరీక్ష పేపరు దిద్దేది మనం కాదు, ఎక్కడివాళ్లో దిద్దుతారు, కాబట్టి అక్కడ ఏ రూపం రాయాలో ముందే చెప్పి అలవాటు చేయించాలి.

పట్టిక కింద ఒక వాక్యంగా ఈ నియమం రాసి ఉంచండి. లేకపోతే నెల్లూరు నుంచి వచ్చిన టీచరు ఒక రకంగా, వేరే జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన టీచరు ఇంకో రకంగా దిద్దుతారు. అది పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది.

గైడు చూసి బట్టీ పట్టిన వ్యాసానికి ఎంత వేయాలి?

"నీరు సకల జీవకోటికి ప్రాణాధారం. భూమిపై మూడు వంతులు నీరే ఉన్నప్పటికీ..." అని మొదలై చక్కటి పేరాలతో, ఒక్క తప్పు లేకుండా ముగిసే పేపరు ప్రతి క్లాసులో ఉంటుంది. అందులో ఊరు ఉండదు. పట్టిక ప్రకారం విషయం 1, మిగతా మూడూ 4. రెండింతలు చేసి కలిపితే 2కు 12, మొత్తం 14.

అంటే తాత కాళ్ల గురించి రాసిన అమ్మాయికీ, గైడు పేపరుకూ ఒకే 14. రెండింతలు లేకుండా నాలుగు అంశాలూ సమానంగా 16కు వేసి ఉంటే అమ్మాయికి 11, గైడుకు 13 వచ్చేవి. బరువు రెండింతలు చేయడం వల్ల గైడు ముందుకు పోకుండా ఆగింది, కానీ వెనక్కి పోలేదు. మూడింతలు చేస్తే అమ్మాయికి 17, గైడుకు 15 అవుతాయి, మొత్తం 24కు. బరువు ఎంత పెట్టాలో లెక్క తేల్చదు, ఈ వ్యాసంతో ఏం నేర్పాలనుకున్నామో దాన్ని బట్టి మనమే తేల్చుకోవాలి.

నాకు నచ్చిన దారి వేరే ఉంది. బరువు పెంచుకుంటూ పోకుండా ఒక అడ్డుకట్ట పెట్టడం: విషయంలో 1 వస్తే మొత్తం 10 దాటకూడదు. అడిగిన ప్రశ్నకు జవాబు రాయకుండా మంచి భాషతో సగం కన్నా పైకి వెళ్లడం కుదరదని పిల్లలకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. అయితే ఈ నియమాన్ని వ్యాసం రాయించకముందే చెప్పాలి. దిద్దేటప్పుడు గుర్తొచ్చి పెడితే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండదు.

విషయం తప్పు రాస్తే? ఉదాహరణకు "ఫ్లోరైడ్ నీళ్లు మరిగించి తాగాలి" అని.

మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు ఇంకా పెరుగుతుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు. అది దాటిన బోరుకు జవాబు ఆర్‌ఓ లాంటి శుద్ధి, లేదా నది, జలాశయం నీటిని పైపుల్లో తేవడం.

పట్టికలో ఇది "పరిష్కారం ఆ కారణానికి సరిపోతుంది" అన్న షరతు దగ్గర తేలుతుంది. సరిపోలేదు కాబట్టి 4 రాదు. కానీ ఒక నిర్దిష్టమైన పని సూచించాడు, కాబట్టి 3 కిందికి దించాల్సిన పనీ లేదు. తెలుగు పేపరులో సైన్సు మార్కులు కోయకుండా, సైన్సు తప్పును చూడనట్టు పోకుండా ఉండటానికి ఈ హద్దు చాలు. పక్కన ఒక వాక్యం రాసి సరిదిద్దండి, ఇది ఆరోగ్యం సంగతి కూడా.

చేతిరాతకు వరుస ఎందుకు లేదు?

అది ఇప్పటికే మిగతా అన్ని వరుసల్లోకి దొంగచాటుగా దూరుతోంది కాబట్టి. ఒక మంచి గుణం చూస్తే మిగతా గుణాలకూ మార్కులు పెరిగే ఈ తీరును 1920లోనే ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వవేత్త రాసిపెట్టాడు. ముత్యాల్లాంటి అక్షరాలు చూడగానే విషయం కూడా బాగుందనిపిస్తుంది. దాన్ని తగ్గించడానికి ఒక పద్ధతి: ముందు క్లాసు మొత్తానికి విషయం గడి మాత్రమే నింపండి, పేపర్లు తిరగేసి రెండో విడతలో మిగతా మూడూ నింపండి. పేరున్న మూల మడిచి పెట్టుకుంటే ఇంకా మేలు. కొంచెం సమయం ఎక్కువ పడుతుంది, అందుకే ప్రతి ఎఫ్ఏకీ కాకుండా పెద్ద వ్యాసాలకే ఇలా చేయండి.

పట్టిక సరిగ్గా పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

పది పేపర్లు జిరాక్స్ తీసి ఇంకో టీచరుకు పట్టికతో పాటు ఇవ్వండి. ఒకరి మార్కులు ఒకరు చూసుకోకుండా దిద్ది, తర్వాత పక్కపక్కన పెట్టండి. మొత్తాలు పోల్చవద్దు, గడులు పోల్చండి. పైన చూసినట్టు 14కు 14 కలిసినా లోపల పూర్తిగా వేరు కావచ్చు.

ఒక స్థాయి తేడా ఉంటే కంగారు పడక్కర్లేదు, మనుషులు దిద్దేటప్పుడు అది ఉంటుంది. ఒకే వరుసలో రెండు స్థాయిల తేడా రెండు మూడు పేపర్లలో వచ్చిందంటే ఆ వరుసలో మాట సరిగ్గా లేదు. ఉదాహరణకు విషయం వరుసలో "సొంత వివరాలు ఉన్నాయి" అని మాత్రమే ఉందనుకోండి. "మా ఊళ్లో చెట్లు ఎక్కువ" అన్నది ఒకరికి వివరం, ఇంకొకరికి కాదు. అలాంటప్పుడు ఎవరు కరెక్టని వాదించుకోకుండా గడిని మార్చండి: "ఆ ఊళ్లో ఉన్నవాళ్లే చెప్పగలిగిన వివరం, నీటి కష్టానికి సంబంధించినది." మళ్లీ ఇంకో ఐదు పేపర్లతో చూడండి.

ఇంకో రకం తేడా ఉంది. ఒక టీచరు ప్రతి గడిలోనూ ఒక మెట్టు తక్కువే వేస్తుంటే పట్టిక తప్పు కాదు. అప్పుడు ఇద్దరూ కలిసి ఒప్పుకున్న 3 స్థాయి పేపరు ఒకటి బల్ల మీద పెట్టుకుని, దిద్దే ముందు ఓసారి చదవాలి.

పిల్లలకు పట్టిక ముందే ఇవ్వాలా?

ఇవ్వాలి. "మూడు వివరాలు" అని చూసి లేని వివరాలు కల్పించేవాళ్లు ఉంటారు, ఊళ్లో పిల్లలే ఒకరి పేపరు ఒకరు చదివితే అది అక్కడే బయటపడుతుంది.

20కి వచ్చినవి వేరే మార్కులకు ఎలా మార్చాలి? కంప్యూటర్లో మొత్తం ఎలా వేయాలి?

10కి అయితే సగం, 8కి అయితే 0.4తో గుణించండి. 14 వచ్చిన అమ్మాయికి 10కి 7, 8కి 5.6. ఒక్కో గడిని విడిగా మార్చి రౌండ్ చేయవద్దు, చివర్లో ఒక్కసారే చేయండి.

ఎక్సెల్‌లో A కాలంలో రోల్ నంబరు, B నుంచి E వరకు విషయం, అమరిక, వాక్యం, రాత తప్పులు వరుసగా పెట్టి F2లో ఇది రాయండి:

```
=IF(B2=0,0,IF(B2=1,MIN(10,2*B2+C2+D2+E2),2*B2+C2+D2+E2))
```

సున్నా నియమం, 10 దాటకూడదన్న అడ్డుకట్ట రెండూ ఇందులోనే ఉన్నాయి. B గడి ఖాళీగా వదిలినా సున్నాయే వస్తుంది, కాబట్టి మర్చిపోయిన పేపరును తెల్ల కాగితం అనుకోకండి. తల్లిదండ్రులకు పంపేటప్పుడు F ఒక్కటే పంపకుండా నాలుగు గడులూ పంపితే "మా వాడికి ఎందుకు తగ్గింది" అన్న ఫోన్లు తగ్గుతాయి.

వేరే వ్యాసానికి ఇదే పట్టిక వాడొచ్చా?

కింది మూడు వరుసలు వాడొచ్చు, విషయం వరుస మాత్రం ప్రతిసారీ తిరగరాయాలి. "ఒంగోలు గిత్త" మీద వర్ణన వ్యాసం ఇచ్చామనుకోండి, అక్కడ కారణం, పరిష్కారం అడగడం అర్థం లేనిది. 4 గడిలో "మూపురం, కొమ్ములు, రంగు, నడకల్లో కనీసం మూడింటిని చూసినట్టు చెప్పాడు, ఏ పనికి వాడతారో ఉంది" అని రాయాలి. 3లో "రెండింటిని చూసినట్టు చెప్పాడు", 2లో "ఒక్కటి, మిగతావి ఏ ఎద్దుకైనా సరిపోతాయి", 1లో "పేరు, పొగడ్త మాత్రమే". పంచాయతీకి లేఖ రాయమంటే అమరిక వరుస కూడా మారుతుంది, ఎందుకంటే చిరునామా, తేదీ, విషయం లేఖలో ఉండాల్సిన చోట ఉన్నాయో లేదో అక్కడ చూడాలి.